ఒకటి మోయలేదని రెండోది: వేలాడే ఇంపాక్ట్ రెంచికి స్ప్రింగుల అమరికపై ఒక కేస్ స్టడీ

విజయవాడ ఆటోనగర్‌లో లారీల చక్రాలు, కమాను కట్టల పనిచేసే ఒక షెడ్డు నుంచి నాకు వచ్చిన పని ఇది. యంత్రాలకు, పనిముట్లకు కావలసిన అమరికలు తయారుచేసి ఇవ్వడం నా వృత్తి. చక్రాల నట్లు బిగించే గాలి ఇంపాక్ట్ రెంచిని పైన దూలానికి స్ప్రింగుతో వేలాడదీశారనీ, ఆ అమరికను రెండు రకాలుగా కట్టినా పనికి రావడం లేదనీ, వచ్చి చూడమనీ అడిగారు. రెంచి చిన్నదేమీ కాదు. సాకెట్టు, దానిమీద భారం వేసే గొట్టం ముక్కతో కలిపి కాటా మీద సరిగ్గా 8 కిలోలు తూగింది. రోజంతా దాన్ని చేతులతో మోస్తూ నట్లు బిగించడం కష్టం కనుక బరువును స్ప్రింగుకు అప్పగించాలన్న ఆలోచన సరైనదే. చిక్కంతా ఆ స్ప్రింగుల అమరికలో ఉంది.

అక్కడ జరగవలసిన పనిని ముందుగా చెప్పాలి. చక్రానికి పైవైపున ఉన్న నట్టు కంటే కొద్దిగా కింద రెంచి తనంతట తాను ఆగి ఉండాలి. పై నట్టు కోసం చేత్తో కాస్త ఎత్తితే సరిపోవాలి. అడుగు నట్టు కోసం అక్కడి నుంచి 250 మి.మీ. కిందికి లాగవలసి వస్తుంది. లాగి పట్టుకున్నంతసేపూ స్ప్రింగు దాన్ని పైకి గుంజుతూనే ఉంటుంది కనుక, ఆ గుంజుడు ఎంత తక్కువైతే పనివాడి చేతికి అంత సుఖం.

మొదట ఒకే స్ప్రింగు కట్టారు. రెంచి తగిన ఎత్తులోనే ఆగింది గానీ కిందికి లాగడానికి బాగా బలం పట్టేది. పైగా రెండు నెలలు తిరిగేసరికి స్ప్రింగు చుట్లు విడిపోయి, బరువు తీసేసినా మూసుకోకుండా సుమారు 40 మి.మీ. పొడవు శాశ్వతంగా పెరిగిపోయింది. అప్పుడు మేస్త్రీ అదే రకం కొత్త స్ప్రింగులు రెండు తెప్పించి, ఒక చిన్న ఇనుప పట్టీకి రెండు కొసలా తగిలించి, పట్టీ మధ్యలోని కొక్కేనికి రెంచిని వేలాడదీయించాడు. నేను వెళ్లేసరికి ఉన్నది ఈ అమరికే.

"ఒక్క స్ప్రింగు మోయలేక సాగిపోతోందని పక్కన రెండోది వేయించానండీ," అన్నాడాయన. "ఇప్పుడు స్ప్రింగులు బాగానే ఉన్నాయి. రెంచి మాత్రం కిందికి రావడం లేదు. కుర్రాళ్లు వేలాడి లాగుతున్నారు."

ఆయన ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో ఆ షెడ్డులో నిలబడితే తేలిగ్గా తెలుస్తుంది. బరువు ఎక్కువ వేసే లారీకి కమాను కట్టలో అదనపు పట్టీ వేస్తారు. కట్ట కుంగిపోకుండా గట్టిపడుతుంది. పక్కపక్కన, లేదా ఒకదానిమీద ఒకటిగా చేర్చి ఒకే బరువును పంచుకునేలా చేస్తే స్ప్రింగులు గట్టిపడతాయి అన్న అనుభవం ఆయనది. అది నూటికి నూరుపాళ్లు నిజం. అయితే ఇక్కడ కావలసింది గట్టిపడటం కాదు, మెత్తబడటం. స్ప్రింగు సాగిపోయిందంటే దాని మీద మోయలేనంత బరువు ఉందని ఆయన అనుకున్నాడు. నిజానికి 8 కిలోల బరువు ఆ స్ప్రింగుకు ఒక లెక్క కాదు. దాన్ని పాడుచేసింది 250 మి.మీ. లాగుడు.

లెక్కలోకి వెళ్లే ముందు నేను ఉన్న అమరికనే కొలిచాను. రెంచి వేలాడుతున్నప్పుడు స్ప్రింగుల సాగుదల 48 మి.మీ. ఉంది. రెంచికి అడుగున వేలాడదీసే డిజిటల్ కాటా తగిలించి 250 మి.మీ. కిందికి లాగితే కాటా 20 కిలోలు దాటి చూపించింది. న్యూటన్లలో అది సుమారు 200. పనివాళ్లు వేలాడి లాగుతున్నారన్న మాటలో అతిశయం లేదు.

షెడ్డులో డిప్లొమా చదువుతూ శిక్షణకు వచ్చిన ఒక అబ్బాయి అప్పటికే కొంత లెక్క వేసి పెట్టాడు. ఒక స్ప్రింగుకు రెంచి వేలాడదీస్తే 146 మి.మీ. సాగింది. 8 కిలోలంటే 78.5 న్యూటన్లు. భాగిస్తే స్ప్రింగు స్థిరాంకం, అంటే ఒక మి.మీ. సాగడానికి కావలసిన బలం, 0.54 న్యూటన్లు వచ్చింది. రెండు పక్కపక్కన ఉంటే స్థిరాంకాలు కూడాలి గనుక 1.08, కాబట్టి సాగుదల సగమై 73 మి.మీ. రావాలి. కానీ కొలిస్తే 48 మాత్రమే వస్తోంది. పట్టీ ఎక్కడో పట్టేస్తోందేమోనని అతని అనుమానం. సూత్రం సరిగానే వాడాడు, కొలతా సరిగానే తీశాడు, అయినా జవాబు మూడో వంతు తప్పింది. ఈ తేడాకు కారణం తెలియకుండా ముందుకు పోతే కొత్త అమరిక లెక్క కూడా తప్పుతుంది కనుక, ఒక స్ప్రింగును విడిగా వేలాడదీసి మళ్లీ కొలిచాం.

ఆ కొలత చేసే పద్ధతి తేలికే. స్ప్రింగును దూలానికి తగిలించి, పక్కన స్టీలు స్కేలు నిలువుగా కట్టి, కింది కొక్కెం కొసను సూచికగా తీసుకోవాలి. తెలిసిన బరువులు ఒక్కొక్కటిగా వేస్తూ, ఊగుడు ఆగాక కొలవాలి. తరువాత బరువులు తీస్తూ మళ్లీ అవే కొలతలు వస్తున్నాయో లేదో చూడాలి. మాకు వచ్చిన కొలతలు ఇవి.

2 కిలోలు: 0 మి.మీ.
4 కిలోలు: 48 మి.మీ.
6 కిలోలు: 97 మి.మీ.
8 కిలోలు: 146 మి.మీ.
10 కిలోలు: 195 మి.మీ.

ఇందులో మొదటి వరుసలోనే విషయం ఉంది. 2 కిలోలు వేసినా స్ప్రింగు కదలలేదు. చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉండే లాగుడు స్ప్రింగులను చుట్టేటప్పుడే తీగకు కొంత మెలి ఇచ్చి, చుట్లు ఒకదాన్నొకటి నొక్కుకునేలా చేస్తారు. ఆ నొక్కుడును దాటేంత బలం పడేదాకా స్ప్రింగు తెరుచుకోదు. దీన్ని ఇక్కడ తొలి బిగువు అంటాను. ఈ స్ప్రింగుకు అది సుమారు 20 న్యూటన్లు, అంటే రెండు కిలోల బరువుకు కాస్త ఎక్కువ. అది దాటాక ప్రతి 2 కిలోలకూ 49 మి.మీ. చొప్పున క్రమంగా సాగుతోంది. అందువల్ల ఈ స్ప్రింగుకు బలం, సాగుదలల సంబంధం ఇలా రాయాలి.

F = F0 + k x

ఇక్కడ F0 తొలి బిగువు, k స్ప్రింగు స్థిరాంకం, x సాగుదల. స్థిరాంకాన్ని ఒకే బరువుతో భాగించి కనుక్కోకూడదు. రెండు బరువుల మధ్య తేడాను రెండు సాగుదలల మధ్య తేడాతో భాగించాలి. 4 కిలోల నుంచి 10 కిలోలకు బలం 58.9 న్యూటన్లు పెరిగింది, సాగుదల 147 మి.మీ. పెరిగింది. కాబట్టి k = 0.40. అబ్బాయికి వచ్చిన 0.54 లో తొలి బిగువు కూడా కలిసిపోయి ఉంది. పాఠ్యపుస్తకంలోని స్ప్రింగుకు తొలి బిగువు ఉండదు, దుకాణంలో కొనే లాగుడు స్ప్రింగుకు దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

దీన్ని తీగ కొలతలతో కూడా సరిచూశాను. తీగ మందం d 2.5 మి.మీ., చుట్టు సగటు వ్యాసం D 22 మి.మీ., చుట్ల సంఖ్య n 91. ఉక్కు తీగకు దృఢతా గుణకం G చదరపు మి.మీ.కు 79,000 న్యూటన్లుగా తీసుకుని k = G d⁴ / (8 D³ n) లో వేస్తే 0.398 వచ్చింది. కొలతకూ లెక్కకూ ఇంత దగ్గరగా కుదిరితే ఇక ఆ సంఖ్యను నమ్మవచ్చు. చుట్లు అంటుకుని ఉన్నప్పుడు స్ప్రింగు ఒళ్లు పొడవు సుమారు 230 మి.మీ., బరువు పావు కిలో. తయారీదారు అనుమతించిన గరిష్ఠ సాగుదల 300 మి.మీ.

ఇప్పుడు పక్కపక్కన కట్టిన అమరిక ఎందుకు 48 మి.మీ. చూపించిందో తేలిపోతుంది. సమాంతరంగా కట్టిన స్ప్రింగులు రెండూ ఒకే దూరం సాగుతాయి, బరువును పంచుకుంటాయి. కాబట్టి స్థిరాంకాలూ కూడతాయి, తొలి బిగువులూ కూడతాయి. తుల్య స్థిరాంకం 0.80, తొలి బిగువు 40 న్యూటన్లు. రెంచి 78.5 న్యూటన్లలో 40 పోగా మిగిలిన 38.5 మాత్రమే స్ప్రింగులను సాగదీస్తుంది. 38.5 ని 0.80 తో భాగిస్తే 48. పట్టీ ఎక్కడా పట్టేయలేదు. లాగుడు లెక్క కూడా కుదిరింది. 250 మి.మీ. లాగడానికి 0.80 × 250 = 200 న్యూటన్లు. కాటా చూపించింది అదే.

మొదటి అమరికకు ఏం జరిగిందో కూడా ఇదే లెక్క చెబుతుంది. ఒక స్ప్రింగు వేలాడే బరువుకు 146 మి.మీ. సాగి ఉంది. దానిమీద 250 మి.మీ. లాగితే మొత్తం 396 అవుతుంది. అనుమతించిన 300 కంటే అది దాదాపు 100 మి.మీ. ఎక్కువ. చుట్లు విడిపోయి మూసుకోకపోవడానికి కారణం అది. మేస్త్రీ వేసిన రెండో స్ప్రింగు ఆ సాగుదలను 298 కి తగ్గించింది కనుక స్ప్రింగులు బతికాయి. దానికి బదులుగా లాగవలసిన బలం 100 నుంచి 200 న్యూటన్లకు పెరిగింది.

షెడ్డు వాళ్లతో మాట్లాడి లాగుడు 5 కిలోలకు, అంటే 50 న్యూటన్లకు మించకూడదని నిర్ణయించుకున్నాం. 250 మి.మీ. దూరానికి 50 న్యూటన్లంటే తుల్య స్థిరాంకం 0.20 కంటే ఎక్కువ ఉండకూడదు. ఉన్న స్ప్రింగుది 0.40, మనకు దాంట్లో సగం కావాలి. ఆ సగాన్ని అదే స్ప్రింగులు రెండింటిని పక్కపక్కన కాక, ఒకదాని కింద ఒకటి కడితే రాబట్టవచ్చు.

శ్రేణిలో కట్టినప్పుడు ఏమవుతుందో అబ్బాయికి వివరిస్తున్నప్పుడు అతను ఒక మంచి ప్రశ్న అడిగాడు. విద్యుత్ నిరోధాలను శ్రేణిలో పెడితే కూడతాయి కదా, ఇక్కడ విలోమాలు ఎందుకు కూడుతున్నాయని. నిరోధాల పోలిక పక్కన పెట్టి, కొక్కెం దగ్గర నిలబడి ఆలోచించమన్నాను. పై స్ప్రింగుకు కింది స్ప్రింగు వేలాడుతోంది, దానికి రెంచి వేలాడుతోంది. కింది స్ప్రింగును లాగుతున్న బలమే దాని పై కొక్కెం ద్వారా పై స్ప్రింగునూ లాగుతుంది. మధ్యలో బరువును పంచుకునేది మరేదీ లేదు. కనుక రెండింటి మీదా పూర్తి బరువు పడుతుంది, ప్రతిదీ తన లెక్క ప్రకారం సాగుతుంది, మొత్తం సాగుదల ఆ రెండింటి మొత్తం. బలం అంతే ఉండి సాగుదల రెట్టింపైతే స్థిరాంకం సగమవుతుంది. వేర్వేరు స్ప్రింగులైతే 1/k = 1/k1 + 1/k2. మరో విధంగా చూస్తే, 91 చుట్ల స్ప్రింగులు రెండు కలిసి 182 చుట్ల ఒకే స్ప్రింగు అయినట్టు. పొడవాటి స్ప్రింగు మెత్తగా ఉంటుంది. అదే స్ప్రింగును మధ్యకు కోస్తే ఒక్కో ముక్క రెట్టింపు బిరుసవుతుంది. స్ప్రింగు పొడవు ఎక్కువైందని కోసి వాడేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

తొలి బిగువు విషయంలో మాత్రం శ్రేణి అమరిక స్థిరాంకంలా నడవదు. సమాంతరంలో అది 40 అయింది కనుక శ్రేణిలో సగమై 10 అవుతుందనుకోవడం సహజమే గానీ అది పొరపాటు. బలం ప్రతి స్ప్రింగు మీదా పూర్తిగా పడుతుంది కాబట్టి ఏ స్ప్రింగైనా 20 న్యూటన్ల దగ్గరే తెరుచుకుంటుంది. అంటే శ్రేణికీ తొలి బిగువు 20 గానే ఉంటుంది. మొత్తం సాగుదలకు సూత్రం ఇది.

x = (F − F01)/k1 + (F − F02)/k2

రెంచి బరువుకు ఒక్కొక్క స్ప్రింగు 146 చొప్పున మొత్తం 292 మి.మీ. రావాలి. 50 న్యూటన్లు అదనంగా లాగితే ఒక్కొక్కటి 125 సాగి, రెంచి 250 మి.మీ. దిగాలి. కట్టి చూశాం. వేలాడే ఎత్తులో సాగుదల 302 మి.మీ. వచ్చింది.

పది మిల్లీమీటర్లు స్కేలు చదవడంలో వచ్చే తప్పు కాదు. ఇంతకుముందు ఒక్క స్ప్రింగు కొలతలన్నీ ఒక మి.మీ. లోపు కుదిరాయి కదా. కారణం స్ప్రింగుల సొంత బరువులో దొరికింది. పై స్ప్రింగు రెంచిని మాత్రమే కాక, కింది స్ప్రింగునూ, రెండింటినీ కలిపే షాకిల్‌నూ మోస్తోంది. అవి రెండూ కలిసి 0.35 కిలోలు, అంటే 3.4 న్యూటన్లు. 0.40 తో భాగిస్తే సుమారు 9 మి.మీ. ఈ దిద్దుబాటుతో లెక్క 301 అయింది, కొలత 302. 8 కిలోల రెంచి ముందు పావు కిలో స్ప్రింగు ఏపాటిదనిపిస్తుంది గానీ, మెత్తటి అమరికలో చిన్న బరువు కూడా పెద్ద దూరంగా కనిపిస్తుంది. అమరిక మెత్తబడే కొద్దీ ఇలాంటి దిద్దుబాట్లు వదిలేయకూడదు.

లాగుడును కాటాతో కొలిచాం. 250 మి.మీ. దగ్గర 5.1 కిలోలు చూపించింది, అంటే 50 న్యూటన్లు. ఆ స్థితిలో ఎక్కువ సాగినది పై స్ప్రింగు: 146, 9, 125 కలిపి 280 మి.మీ. అనుమతించిన 300 లోపే ఉంది. అబ్బాయి మొదట వేసిన 0.54 తోనే శ్రేణి లెక్క చేసి ఉంటే, వేలాడే సాగుదల 292 అనే వచ్చేది, ఎందుకంటే ఆ సంఖ్యను రాబట్టింది అదే బరువు దగ్గర. కానీ లాగుడు బలం 50 కి బదులు 67 న్యూటన్లని వచ్చి, ఈ స్ప్రింగులు పనికిరావని పక్కన పెట్టేసేవాళ్లం. తప్పు స్థిరాంకం ఒకచోట సరైన జవాబు ఇచ్చి, మరోచోట దారి తప్పిస్తుంది. అందుకే కనీసం రెండు బరువుల దగ్గర సరిచూడనిదే ఏ స్థిరాంకాన్నీ నేను వాడను.

శ్రేణి అమరికకు ఒక బలహీనత ఉంది, దాన్ని కప్పిపుచ్చకూడదు. సమాంతరంగా ఉన్నప్పుడు ఒక స్ప్రింగు తెగితే రెంచి ఒక పక్కకు ఒరిగినా రెండోది పట్టుకుని ఉంటుంది. శ్రేణిలో నాలుగు కొక్కేలలో ఏ ఒక్కటి తెగినా, మధ్య షాకిల్ ఊడినా రెంచి మొత్తం కింద పడుతుంది. లాగుడు స్ప్రింగులు ఎక్కువగా తెగేది కొక్కెం మెడ దగ్గరే, ఎందుకంటే అక్కడ తీగ వంపు చిన్నదై, మెలితో పాటు వంపు ఒత్తిడి కూడా పడుతుంది. అందుకని రెండు స్ప్రింగుల లోపలి నుంచీ ఒకే ఉక్కు తాడును దూర్చి, పై కొస దూలానికి, కింది కొస నేరుగా రెంచి కొక్కేనికి బిగించాను. స్ప్రింగుకొక తాడు వేసి షాకిల్‌కు కట్టడం నాకు ఇష్టం లేదు. అలా చేస్తే షాకిల్ ఊడినప్పుడు తాళ్లు రెండూ వృథా అవుతాయి.

ఆ తాడు పొడవును ఇష్టం వచ్చినట్టు పెట్టలేదు. పని చేసేటప్పుడు మొత్తం సాగుదల 302 కు 250 కలిసి 552 దాకా వెళుతుంది. 560 దగ్గర తాడు బిగిసేలా పెట్టాను. అక్కడ పై స్ప్రింగు 284 మి.మీ. దగ్గర ఉంటుంది. దీనితో తాడు రెండు పనులు చేస్తుంది. కొక్కెం తెగితే రెంచిని పట్టుకుంటుంది. ఎవరైనా మరీ కిందికి లాగబోతే స్ప్రింగు హద్దు దాటకముందే ఆపేస్తుంది. మొదటి స్ప్రింగును పాడుచేసిన తప్పు ఇక జరగడానికి వీలులేదు. వేలాడే ఎత్తులో ఉండగా కొక్కెం తెగితే రెంచి 26 సెం.మీ. దాకా పడి ఆగుతుంది. చక్రం అడుగు నట్టు ఎత్తుకు వస్తుందే గానీ కాళ్లమీద పడదు. ఆ కుదుపును తట్టుకునే తాడు, బిగింపులు కావాలి కాబట్టి 8 కిలోలకు సరిపోయే సన్నటి తాడు వేయకుండా 3 మి.మీ. ఉక్కు తాడు వేశాను.

చేతిలోంచి జారితే ఏమవుతుందో కూడా రెండు అమరికలకూ వేరువేరుగా చూడాలి. శ్రేణిలో 250 మి.మీ. కిందికి లాగి వదిలేస్తే రెంచి విశ్రాంతి ఎత్తును దాటి మళ్లీ అంతే పైకి వెళుతుంది. స్ప్రింగులు 302 సాగి ఉన్నాయి కనుక పైకొసలో కూడా ఇంకా 50 మి.మీ. తెరుచుకునే ఉంటాయి. ఊగుతుంది, అంతే. సమాంతర అమరికలో విశ్రాంతి సాగుదల 48 మాత్రమే. 250 లాగి వదిలితే, విశ్రాంతి ఎత్తును దాటి 48 పైకి వెళ్లేసరికి చుట్లు ఠపీమని మూసుకుంటాయి, అప్పటికి రెంచి వేగం సెకనుకు దాదాపు రెండున్నర మీటర్లు. అక్కడి నుంచి కొక్కెం వదులై, రెంచి ఇంకో 30 సెం.మీ. గాలిలో ఎగురుతుంది. ఎవరి ముఖమైనా అక్కడ ఉంటే ఏం జరిగేదో ఊహించుకోవడానికే బాధగా ఉంది. మేస్త్రీకి ఈ లెక్క చూపించినప్పుడు ఆయన వెంటనే మనిషిని పంపి, షెడ్డులోని రెండో పని వరుసలో ఉన్న ఇలాంటి సమాంతర అమరికను కూడా దింపించాడు.

ఆ రెండో వరుస దగ్గర మరో పాఠం ఎదురైంది. అక్కడ ఒక స్ప్రింగు మాత్రమే మొదటి రకానిది. రెండోది కొంచెం మందమైన తీగది. కొలిస్తే స్థిరాంకం 0.60, తొలి బిగువు 30 న్యూటన్లు. రెండూ శ్రేణిలో కడితే తుల్య స్థిరాంకం 0.24, లాగుడు 60 న్యూటన్లు. అనుకున్న 50 కంటే కాస్త ఎక్కువే అయినా పనివాళ్లు సర్దుకుంటామన్నారు. లాగుడు బలాన్ని బట్టి ఒప్పుకునేవాడినే గానీ, ఒక్కో స్ప్రింగు ఎంత సాగుతుందో చూసేసరికి మనసు మార్చుకున్నాను. శ్రేణిలో మెత్తటి స్ప్రింగు ఎక్కువ సాగుతుంది. వేలాడే బరువుకు మెత్తటిది 146, బిరుసుది 81. అదనంగా లాగే 250 లో మెత్తటిదాని వాటా 150, బిరుసుదాని వాటా 100. అంటే మొత్తం మీద మెత్తటిది 296 దగ్గరికి వెళ్లి హద్దును తాకుతుంటే, బిరుసుది 181 దగ్గర హాయిగా ఉంటుంది. తుల్య స్థిరాంకం ఒక్కటే చూస్తే ఈ ప్రమాదం కనిపించదు.

మెత్తటిదాన్ని పైన కట్టాలా కింద కట్టాలా అన్నది కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. వరుస మారిస్తే తుల్య స్థిరాంకం మారదు. కానీ పైన ఉన్న స్ప్రింగు కిందిదాని బరువు కూడా మోయాలి కనుక, మెత్తటిది పైన ఉంటే ఇంకో తొమ్మిది పది మి.మీ. సాగి 300 దాటిపోతుంది. కింద కడితే 296 తో సరిపెట్టుకోవచ్చు. నాలుగు మి.మీ. ఎడంతో రోజూ వందలసార్లు లాగే స్ప్రింగును వదిలి రావడానికి నాకు మనసొప్పలేదు. బిరుసు స్ప్రింగును తీసేసి మొదటి రకానిదే మరొకటి తెప్పించాం.

ఆ వేర్వేరు స్ప్రింగులు సమాంతరంగా ఉన్నప్పుడు పట్టీ ఒక పక్కకు వాలి ఉండటం అబ్బాయి గమనించాడు. కొక్కెం సరిగ్గా మధ్యలో ఉంటే రెండు స్ప్రింగుల మీదా సమాన బలం పడుతుంది. అప్పుడు మెత్తటిది ఎక్కువ సాగి పట్టీ వాలుతుంది. స్థిరాంకాలను నేరుగా కూడే సూత్రం రెండూ ఒకే దూరం సాగినప్పుడు మాత్రమే వర్తిస్తుంది. పట్టీ సమంగా ఉండాలంటే కొక్కేన్ని బిరుసు స్ప్రింగు వైపు జరపాలి. ఈ రెండింటి మధ్య 100 మి.మీ. ఎడం ఉంటే, మెత్తటిదానికి 60, బిరుసుదానికి 40 మి.మీ. దూరంలో పెట్టాలి. మధ్యలోనే వదిలేస్తే కొక్కెం దగ్గర తుల్య స్థిరాంకం 1.00 కు బదులు 0.96 వస్తుంది. తేడా చిన్నదే గానీ, లెక్క కుదరలేదని కంగారు పడటానికి అది చాలు.

రెండు వరుసలూ కట్టాక చివరిగా ఒక పరీక్ష చేశాం. రెంచిని ఒక జానెడు కిందికి లాగి మెల్లగా వదిలి, 20 ఊపులకు పట్టే కాలం గడియారంతో చూశాం. ఊపు కాలం T = 2π√(m/k). ఇందులో m గా రెంచి 8 కిలోలతో పాటు రెండు స్ప్రింగుల మొత్తం బరువులో మూడో వంతు కూడా కలపాలి, ఎందుకంటే స్ప్రింగు పై కొస కదలదు, కింది కొస పూర్తిగా కదులుతుంది. 8.17 కిలోలకు, మీటరుకు 200 న్యూటన్లకు 20 ఊపులు 25.4 సెకన్లు పట్టాలి. మాకు 25.5 వచ్చింది. ఈ పరీక్షలో తొలి బిగువు జోక్యం లేదు. చుట్లు తెరుచుకుని ఉన్నంతవరకు ఊపు కాలం స్థిరాంకాన్ని మాత్రమే పట్టిచూపుతుంది. సమాంతరంలో ఇవే స్ప్రింగులకు అదే 20 ఊపులు సుమారు 12.7 సెకన్లలో అయిపోతాయి. ఊపు 48 మి.మీ. లోపు ఉండాలి, లేకపోతే చుట్లు మూసుకుని కాలం తప్పుతుంది.

నెలకొకసారి చూడవలసినవి గోడమీద రాయించాను. రెంచి ఆగే ఎత్తుకు దూలం స్తంభం మీద ఎర్ర గీత పెట్టించాం. రెంచి గీత కంటే కిందికి దిగితే స్ప్రింగు శాశ్వతంగా సాగిందని, లేదా తొలి బిగువు కొంత పోయిందని అర్థం. బరువు తీసి చూస్తే ఏ స్ప్రింగు చుట్ల మధ్య వెలుతురు కనిపిస్తుందో దాన్ని మార్చాలి. ఊపు కాలం మాత్రం అప్పుడు కూడా మారకపోవచ్చు, ఎందుకంటే తీగ మందం, చుట్ల సంఖ్య మారనంతవరకు స్థిరాంకం దాదాపు అలాగే ఉంటుంది. 20 ఊపులు 25 సెకన్లకు బదులు 20 సెకన్లలో అయిపోతే ఎవరో వేరే రకం స్ప్రింగు కట్టారని తెలుసుకోవాలి. మేస్త్రీ ఆ కాగితం చదివి, కొక్కేల మెడల దగ్గర అరుగుదల చూడాలన్న మాట కూడా అందులో చేర్పించాడు.